పోర్టు తెరిచినా గుంట దగ్గరి కంప్యూటర్ ఎందుకు పలకదు

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల గుంట గట్టు మీద, మోటార్ల షెడ్డులో ఒక చిన్న కంప్యూటర్ ఉందనుకుందాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత ఉందో సెన్సార్ చెబుతుంటే, ఆ అంకెలను అది 8080 పోర్టు మీద ఒక వెబ్ పేజీగా చూపిస్తుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, నెల్లూరులో ఉన్న రైతు ఆ పేజీని తన ఫోనులో చూడాలి. షెడ్డులోని వైఫైతో పేజీ చక్కగా తెరుచుకుంటుంది. బయటి నుంచి 8080 పోర్టుకు వచ్చే పిలుపును ఆ కంప్యూటర్‌కు మళ్లించేలా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టారు, ఫైర్‌వాల్ సరిచూశారు, అయినా నెల్లూరు నుంచి చూస్తే పేజీ రాదు. చాలామంది ఇక్కడ రూటర్ సెట్టింగులనే మళ్లీ మళ్లీ మార్చుతూ రోజులు గడుపుతారు. లోపం అసలు ఆ రూటర్‌లోనే ఉందో లేదో ముందుగా తేల్చుకోవాలి, దానికి పది నిమిషాలు చాలు.

రూటర్ పేజీని, సాధారణంగా 192.168.1.1 దగ్గర, తెరిచి స్టేటస్ విభాగంలో WAN అన్న చోట కనిపించే ఐపీ చిరునామాను కాగితం మీద రాసుకోవాలి. తరువాత అదే లైను మీద ఉన్న కంప్యూటర్‌లో, వీపీఎన్ ఏదైనా ఉంటే ఆపివేసి, ఈ ఆదేశం ఇవ్వాలి.

```
curl -4 ifconfig.me
```

బయటి ప్రపంచానికి ఆ లైను ఏ చిరునామాతో కనిపిస్తోందో ఇది చెబుతుంది. -4 అన్నది తప్పక ఉండాలి, లేకపోతే కొన్ని లైన్లలో జవాబు ఐపీవీ6 చిరునామాగా వచ్చి పోలిక కుదరదు. ఇప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటే అయితే ఆ లైనుకు సొంత పబ్లిక్ చిరునామా ఉన్నట్టే, లోపాన్ని రూటర్‌లోనో, ప్రొవైడర్ కొన్ని పోర్టులను అడ్డుకోవడంలోనో వెతకాలి. మన షెడ్డులో మాత్రం రూటర్ 100.72.18.5 అని చూపింది, బయటి జవాబు 203.0.113.45 అని వచ్చింది. రెండూ వేరు కాబట్టి, మన రూటర్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య చిరునామాను మార్చే యంత్రం ఇంకొకటి ఉందని తేలిపోయింది.

ఆ యంత్రం ఎవరిదో చాలావరకు మొదటి అంకెను బట్టే తెలుస్తుంది. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాలను 2012లో ప్రత్యేకంగా ఇంటర్నెట్ ప్రొవైడర్ల లోపలి వాడకానికే కేటాయించారు. రూటర్‌లో అవి కనిపిస్తే ప్రొవైడర్ ఒకే పబ్లిక్ చిరునామాను అనేకమందికి పంచుతున్నట్టు లెక్క, దీన్నే సీజీనాట్ అంటారు. 100తో మొదలైనంత మాత్రాన సరిపోదు, రెండో అంకె 64కూ 127కూ మధ్య ఉండాలి. 10తో మొదలయ్యే చిరునామాలను కూడా ప్రొవైడర్లు ఇదే పనికి వాడుతుంటారు. అదే 192.168తో మొదలైతే తొందరపడకూడదు. ఫైబర్ లైనుతో వచ్చిన పెట్టె ఒక రూటర్‌గా పనిచేస్తూ, దాని వెనక మనం కొన్న రూటర్ రెండోదిగా ఉండి ఉండవచ్చు. అప్పుడు ఆ మొదటి పెట్టెలోకి వెళ్లి దాని WAN చిరునామాను బయటి జవాబుతో పోల్చాలి. అక్కడ రెండు అంకెలూ కలిస్తే, పెట్టె రూటర్ పని మానేసి లైనును మాత్రం అందించేలా బ్రిడ్జ్ పద్ధతికి మార్పిస్తే పని అయిపోతుంది.

ఇలా పంచుకోవలసి రావడానికి కారణం కొరత. ఐపీవీ4లో మొత్తం చిరునామాలు దాదాపు 430 కోట్లే. ప్రపంచ స్థాయి ఖజానాలో మిగిలిన చివరి భాగాలు 2011 ఫిబ్రవరిలో పంపిణీ అయిపోయాయి. ఒక్కో చిరునామాకు 65,536 పోర్టులు ఉంటాయి గనుక, ఒక్కో చందాదారుకు సుమారు వెయ్యి పోర్టులు ఇచ్చినా ఒక చిరునామా మీద అరవై మందికి పైగా సర్దుకోవచ్చు. లోపలి నుంచి ఎవరైనా బయటికి ఒక ప్యాకెట్ పంపినప్పుడు ప్రొవైడర్ యంత్రం తన పట్టికలో ఒక వరుస రాసుకుని, దానికి వచ్చే జవాబును ఆ వరుస చూసి తిరిగి చేరవేస్తుంది. కానీ నెల్లూరు నుంచి ఫోను 203.0.113.45 చిరునామాలో 8080 పోర్టును పిలిచినప్పుడు ఆ పట్టికలో వరుస ఏదీ ఉండదు. ఆ పిలుపు అంత మంది చందాదారుల్లో ఎవరికోసమో యంత్రానికి తెలియదు కాబట్టి అక్కడే పారేస్తుంది. మన రూటర్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్ దాకా ఆ పిలుపు రానే రాదు. చిరునామా మారినప్పుడల్లా పేరును సవరించే డైనమిక్ డీఎన్ఎస్ సేవ కూడా ఇందుకే ఇక్కడ ఉపయోగపడదు.

అన్నిటికన్నా నేరుగా ఉన్న దారి ప్రొవైడర్‌ను స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగడం. చిన్న కేబుల్ ఆపరేటర్ దగ్గర కూడా అదనపు రుసుముకు దొరికే అవకాశం ఉంది, డబ్బు కట్టే ముందు మాత్రం అది రూటర్ WAN మీదికే వస్తుందా అని స్పష్టంగా అడగాలి. లైనులో ఐపీవీ6 వస్తుంటే అది రెండో దారి, ఎందుకంటే అక్కడ చిరునామాలకు కొరత లేదు గనుక పంచుకోవలసిన అవసరం లేదు. రూటర్ ఫైర్‌వాల్‌లో ఆ కంప్యూటర్‌కు అనుమతి ఇస్తే చాలు. అయితే చూసేవారి వైపు కూడా ఐపీవీ6 ఉండాలి, లేని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి పేజీ తెరుచుకోదు.

ఈ రెండూ కుదరని చోట నేను గట్టిగా సిఫారసు చేసేది, పిలుపు దిశను తిప్పివేయడం. పబ్లిక్ చిరునామా ఉన్న ఒక చిన్న సర్వర్‌ను నెలవారీ అద్దెకు తీసుకుని, గుంట దగ్గరి కంప్యూటరే దానికి ఫోను చేసి లైను పట్టుకుని ఉండేలా చేయాలి. బయటికి వెళ్లే పిలుపు కాబట్టి సీజీనాట్ అడ్డుకోదు.

```
ssh -N -o ServerAliveInterval=25 \
  -o ExitOnForwardFailure=yes \
  -R 8080:localhost:8080 user@203.0.113.80
```

సర్వర్‌లోని 8080 పోర్టుకు వచ్చినదంతా ఈ సొరంగం గుండా షెడ్డులోకి చేరుతుంది. సర్వర్‌లో మామూలుగా ఆ పోర్టు లోపలికే పరిమితమై ఉంటుంది, అది మంచిదే. దాని ముందు పాస్‌వర్డ్ అడిగే హెచ్‌టీటీపీఎస్ వెబ్ సర్వర్‌ను నిలబెట్టి, రైతును అటు నుంచి రానివ్వాలి. ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న సందేశం వెళ్లకపోతే, ఖాళీగా ఉన్న లైను వరుసను ప్రొవైడర్ తన పట్టిక నుంచి కొట్టివేసే ప్రమాదం ఉంది.

పల్లెల్లో దీన్ని దెబ్బతీసేది కరెంటు. కరెంటు పోయి రూటర్ ఆగినప్పుడు సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, పాత లైను ఇంకా ఉందనుకుని 8080 పోర్టును పట్టుకునే ఉంటుంది. కరెంటు వచ్చాక షెడ్డు కంప్యూటర్ మళ్లీ పిలిస్తే remote port forwarding failed అన్న సందేశం వస్తుంది. పై ఆదేశంలోని ExitOnForwardFailure లేకపోతే, లైను కలిసినట్టే కనబడుతుంది గాని పేజీ మాత్రం రాదు, అది చాలా మోసపు స్థితి. అది ఉంటే ఆదేశం వెంటనే ఆగిపోతుంది, ఆగినప్పుడల్లా దాన్ని తిరిగి నడిపే పనిని లినక్స్‌లో సేవలను నడిపే systemdకి అప్పగించాలి. సర్వర్ వైపు sshdలో ClientAliveInterval 30 అని పెడితే, చచ్చిన లైనును అది ఒకటి రెండు నిమిషాల్లో వదిలేస్తుంది.

పరీక్షించేటప్పుడు ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీదే చూడాలి. ఇక ఆక్సిజన్ పడిపోయిందని రైతును నిద్రలేపే హెచ్చరికను ఈ సొరంగం మీద ఆధారపరచకూడదు. సందేశాన్ని షెడ్డు కంప్యూటరే నేరుగా బయటికి పంపుతుంది కాబట్టి దానికి పబ్లిక్ చిరునామా అక్కరలేదు, అద్దె సర్వర్ ఆగిపోయిన రాత్రి కూడా అది చేరుతుంది.