ఓడ జాబితాలో సరుకు వివరం: దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

విదేశీ సరుకుతో అమెరికా రేవుకు వచ్చే ప్రతి ఓడా అక్కడి కస్టమ్స్‌కు ఒక జాబితా సమర్పించాలి. దాని పేరు మానిఫెస్ట్. సరుకు ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఎన్ని పెట్టెలు, ఎంత బరువు, ఏ కంటైనరు, లోపల ఏముంది అన్నవి అందులో ఉంటాయి. ధర ఉండదు. పత్రికలవారు దీన్ని చూడడానికి అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి. 1827లో మొదలైన జర్నల్ ఆఫ్ కామర్స్ పత్రిక 1970లలో పియర్స్ అనే సేవను ప్రారంభించి, రేవుల్లోని ఆ కాగితాల సమాచారాన్ని సేకరించి అమ్మసాగింది. వ్యాపార పరిశోధనకు ఓడ కాగితం ఆధారమైంది అలాగే.

అయితే ఆ కాగితంలోని సరుకు వివరాన్ని రాసేది కస్టమ్స్ అధికారి కాదు, సరుకు పంపినవారు. ఓడ కంపెనీ పెట్టెలు విప్పి చూడదు. చాలాకాలం 'అన్ని రకాల సరుకు' అని రాసినా చెల్లేది. 2001 దాడుల తరువాత, 2002 డిసెంబరులో 24 గంటల నిబంధన అమల్లోకి వచ్చింది. విదేశీ రేవులో కంటైనరును ఓడకెక్కించడానికి 24 గంటల ముందే వివరాలు పంపాలి, అలాంటి డొంకతిరుగుడు మాటలు చెల్లవు. భద్రత కోసం తెచ్చిన ఈ నియమమే ఆ రికార్డులను చదవదగ్గవిగా చేసిందని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కంపెనీ కుర్చీలను తన కర్మాగారంలోనే తయారుచేస్తానని చెప్పుకుంటోంది అనుకుందాం. దాని పేరు మీద ప్రతి నెలా 40 అడుగుల కంటైనరు ఒకటి వస్తోంది: 'చెక్క కుర్చీలు, 620 పెట్టెలు, 7,400 కిలోలు'. అంటే పెట్టెకు సుమారు 12 కిలోలు. అంత కంటైనరు 25 టన్నుల దాకా మోయగలదు, ఇక్కడ మూడో వంతు కూడా లేదు. కంటైనరు నిండా సరుకే ఉంటే అది విడి కాళ్లు, పలకలు కావు. విడి భాగాలను బిగుతుగా పేర్చితే బరువు ఇంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. చోటు తినేసే తయారైన కుర్చీలే వస్తున్నాయని బరువు చెబుతోంది.

లెక్కలో తప్పు దొర్లే చోటు కూడా ఒకటుంది. సరుకు తీసుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే బిల్లు, అదే సరుకుకు రవాణా మధ్యవర్తి ఇచ్చే బిల్లు రెండూ రికార్డుకెక్కితే ఒకే కంటైనరు రెండుగా కనిపిస్తుంది. కంటైనరు నంబరు సరిచూడకుండా కూడితే దిగుమతి రెట్టింపయిపోతుంది. మొదటి బిల్లులో అందుకునేవారి చోట మధ్యవర్తి పేరే ఉండవచ్చు. అసలు కొనుగోలుదారు రెండో దాంట్లో దొరుకుతారు.

ఏమీ దొరకకపోతే? కంపెనీ రాతపూర్వకంగా కోరితే కస్టమ్స్ దాని పేరును రెండేళ్లపాటు గోప్యంగా ఉంచుతుంది. విమానంలో, లారీలో వచ్చిన సరుకు ఈ రికార్డుల్లో కనిపించదు. అందుకే కుర్చీల కంపెనీ పేరు ఒక నెల నుంచి హఠాత్తుగా మాయమైతే, దిగుమతి ఆపేసిందని రాసే ముందు పంపినవారి పేరుతో మరోసారి వెతకాలి. అదే ఎగుమతిదారు, అదే రేవు, అదే 620 పెట్టెలు, అందుకునేవారి గడి మాత్రం ఖాళీగా కనిపిస్తే, అది ఆగిన వ్యాపారం కాకపోవచ్చు.