ఫార్మాట్ కొట్టేశాం కాబట్టి సమస్య పోయిందా? ఇంటర్నల్ ఆడిట్‌లో నేను చూసే అపోహలు

బెంగళూరులో చిన్న కంపెనీలకు ఇంటర్నల్ ఆడిట్ చేస్తుంటాను. ఎవరైనా ఫిషింగ్ మెయిల్‌కి చిక్కారా అని అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు వస్తుంది: "అవును సార్, ఒకసారి అయింది. పాస్‌వర్డ్ మార్చేశాం, ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టేశాం. క్లోజ్ అయిపోయింది." ఈ అపోహ వల్ల పోయినంత డబ్బు మిగతావాటి వల్ల పోవడం నేను చూడలేదు.

పీణ్యలో విడిభాగాలు చేసే ఓ కంపెనీలో జరిగింది చెప్తాను. అకౌంట్స్ చూసే అమ్మాయిది హిందూపురం. ఒక సోమవారం ఉదయం 10:40కి "పర్చేజ్ ఆర్డర్ కాపీ" అని వచ్చిన లింక్ నొక్కింది. అచ్చం మైక్రోసాఫ్ట్ లాగిన్ లాంటి పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొట్టింది, ఫోన్‌కి వచ్చిన కోడ్ కూడా ఇచ్చింది. పేజీ ఖాళీగా ఉండిపోయేసరికి అనుమానం వచ్చి, 11:30కి తనే ఐటీ అతనికి చెప్పింది. సాయంత్రంలోగా పాస్‌వర్డ్ మారింది, ల్యాప్‌టాప్ ఫార్మాట్ అయింది, ఆ మెయిల్ డిలీట్ అయింది.

మూడు వారాల తర్వాత నేను వెళ్లాను. ఇన్సిడెంట్ రిజిస్టర్‌లో ఒకే ఒక్క లైన్ ఉంది. ఆ మెయిల్‌బాక్స్ రూల్స్, అంటే వచ్చిన మెయిళ్లని వాటంతటవే సర్దేసే సెట్టింగ్‌లు, చూపించమన్నాను. ఐటీ అతను ఈ కమాండ్ నడిపాడు:

```
Get-InboxRule -Mailbox accounts@example.com -IncludeHidden |
  Format-List Name,SubjectOrBodyContainsWords,MoveToFolder,MarkAsRead
```

ఒక రూల్ కనబడింది. పేరు ఒట్టి చుక్క. సబ్జెక్టులో గానీ లోపల గానీ bank, payment అనే మాటలుంటే ఆ మెయిల్‌ని చదివినట్టు మార్క్ చేసి RSS Feeds ఫోల్డర్‌లోకి తోసెయ్యమని ఉంది. ఆ ఫోల్డర్ ఎవరు తెరుస్తారు? ఆడిట్ లాగ్‌లో వెతికితే రూల్ పెట్టిన టైమ్ 11:02. ఆమె క్లిక్ చేసిన 22 నిమిషాలకే.

ఈ రూల్ ఉండేది ల్యాప్‌టాప్‌లో కాదు, మెయిల్ సర్వర్‌లో. డిస్క్ ఎన్నిసార్లు తుడిచినా, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది అక్కడే కూర్చుని పని చేస్తుంది.

ఫోల్డర్ తెరిచాం. హోసూరు కస్టమర్ నుంచి రెండు మెయిళ్లు ఉన్నాయి: "బ్యాంక్ అకౌంట్ మారిందని రాశారు, నిజమేనా? దయచేసి ఖరారు చేయండి." దొంగ ఆ కొద్దిసేపట్లో పాత ఇన్‌వాయిస్‌లు చూసుకుని, ఒక్క అక్షరం తేడా ఉన్న డొమైన్ నుంచి కస్టమర్‌కి రాశాడు. కస్టమర్ జాగ్రత్తగానే అసలు అడ్రస్‌కి విడిగా రాసి అడిగాడు. ఆ ప్రశ్న ఇక్కడ ఎవరి కంటా పడలేదు. రెండు రోజులు చూసి 6,80,000 రూపాయలు కట్టేశాడు.

ఆ మెయిళ్లు చదువుతూ ఆ అమ్మాయి "నా ఉద్యోగం పోతుందా సార్?" అంది. చేతులు వణుకుతున్నాయి. "నువ్వు 50 నిమిషాల్లో చెప్పావమ్మా, తప్పు ఆ తర్వాత జరిగింది" అన్నాను. మేనేజ్‌మెంట్ ఆమెకి మెమో ఇస్తామంటే నేను గట్టిగా వద్దన్నాను. మెమో ఇస్తే తర్వాత క్లిక్ చేసినవాడు నోరు విప్పడు.

చెయ్యాల్సిన వరుస ఇది. ముందు ఆ అకౌంట్ లాగిన్ ఆపి, తెరిచి ఉన్న సెషన్లన్నీ రద్దు చెయ్యాలి. తర్వాత పాస్‌వర్డ్. వెంటనే రూల్స్, ఫార్వర్డింగ్, కోడ్ కోసం కొత్తగా చేర్చిన ఫోన్లు, అనుమతి ఇచ్చిన యాప్‌లు చూడాలి. ల్యాప్‌టాప్‌ని నెట్‌వర్క్ నుంచి తీసి అలాగే పక్కన పెట్టాలి. ఇక్కడ ఫార్మాట్ చేయడంతో అందులో ఇంకేమైనా దిగిందో లేదో తేల్చే దారి లేకపోయింది. మెయిల్ డిలీట్ చేయడంతో అది ఇంకెవరికి వచ్చిందో వెతకడమూ కష్టమైంది. కస్టమర్లకి అదే రోజు ఫోన్ చెయ్యాలి, మెయిల్ కాదు. డబ్బు వెళ్లిపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ నిమిషమే చెప్పాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

"సెర్ట్-ఇన్ రూల్స్ పెద్ద కంపెనీలకే" అనే పుకారు ఎవరు పుట్టించారో గానీ, నాకు విసుగొచ్చేసింది. సెర్ట్-ఇన్ అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ. అది ఇచ్చిన 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు కంపెనీ సైజు చూడవు. ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి.

మిగతావి క్లుప్తంగా. ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంటే ప్యాచింగ్ అయినట్టు కాదు. రీస్టార్ట్ చెయ్యని మెషీన్లలో చాలా ప్యాచ్‌లు సగంలోనే ఆగుతాయి, ఫైర్‌వాల్ ఫర్మ్‌వేర్ విండోస్ అప్‌డేట్‌లో రానే రాదు. నేను సెట్టింగ్ స్క్రీన్‌షాట్ తీసుకోను, ప్యాచ్ పడిన తేదీ చూస్తాను. సిబ్బందికి ఉత్తుత్తి దొంగ మెయిల్ పంపి చూసే ఫిషింగ్ టెస్టులోనూ ఎంతమంది క్లిక్ చేశారన్నదాని కంటే, మొదటి మనిషి ఎన్ని నిమిషాల్లో చెప్పాడన్నది రాసుకుంటాను.

మూడు నెలల తర్వాత పీణ్యకి మళ్లీ వెళ్లాను. పది మంది పెద్ద కస్టమర్ల అకౌంట్స్ విభాగం ఫోన్ నంబర్లు ప్రింట్ తీసి, ఆ అమ్మాయి తన డెస్క్ పక్కన గోడకి అంటించుకుంది.