80 కిలోలు, 250 వాట్లు, 21 మలుపులు

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల మధ్య బూర్ ద్వాజాన్ అనే చిన్న ఊరు ఉంది. ఊరు దాటి కాస్త దూరం పోగానే రోడ్డు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడి నుంచి ఆల్ప్ డ్యుయెజ్ దాకా 13.8 కిలోమీటర్లు, 21 హెయిర్‌పిన్ మలుపులు. మలుపుల నంబర్లు కింద 21తో మొదలై, పైకి పోయేకొద్దీ తగ్గుతూ వస్తాయి. 1952లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదటిసారి ఈ కొండ ఎక్కినప్పుడు ఇటలీకి చెందిన ఫౌస్టో కొప్పి గెలిచాడు. అప్పటి నుంచి సైకిల్ తొక్కేవాళ్ల నోళ్లలో ఎక్కువగా నానే కొండల్లో ఇదొకటి.

ఈ రోడ్డు సగటు వాలు 8.1 శాతం. అంటే 100 మీటర్లు ముందుకు పోతే సుమారు 8 మీటర్లు పైకి చేరతాం. మొత్తం మీద ఎక్కే ఎత్తు దాదాపు 1,120 మీటర్లు. ఇంత నిలకడగా, ఇంత దూరం ఎక్కే రోడ్డు దొరికితే లెక్క చాలా శుభ్రంగా తేలుతుంది. ఇంటి దగ్గర కూర్చుని, కాగితం మీద నాలుగు గుణకారాలు చేసి, ఒక మనిషి పైకి చేరడానికి పట్టే సమయాన్ని రెండు మూడు నిమిషాల తేడాతో చెప్పేయవచ్చు. చదునైన రోడ్డు మీద ఇది అంత తేలిక కాదు. కొండ మీద ఎందుకు తేలికో చూద్దాం.

ముందు వాట్ అంటే ఏమిటో చేతికి తెలియాలి. కిలో పంచదార ప్యాకెట్‌ను ఒక సెకనులో పది సెంటీమీటర్లు పైకి లేపితే, ఆ సెకనుకు మీరు పెట్టిన శక్తి సుమారు ఒక వాట్. అదే 250 వాట్లు కావాలంటే 25 కిలోల బియ్యం బస్తాను సెకనుకు మీటరు చొప్పున పైకి లేపుతూనే ఉండాలి. ఒకసారి లేపి దించడం కాదు, ఆగకుండా గంటకు పైగా. బాగా సాధన చేసిన ఔత్సాహికులు ఈ మాత్రం శక్తిని గంటసేపు నిలబెట్టగలరు. పెడల్ మీద కాలు ఎంత శక్తి పెడుతోందో పవర్ మీటర్ చెబుతుంది. తొక్కినప్పుడు పెడల్ బిగించిన కడ్డీ, అంటే క్రాంక్, కంటికి కనిపించనంత కొద్దిగా వంగుతుంది. లోపల అతికించిన సన్నటి సెన్సర్లు ఆ వంపును కొలిచి, తిరిగే వేగంతో కలిపి వాట్లుగా చూపిస్తాయి.

ఇప్పుడు ఒక మనిషిని ఆల్ప్ డ్యుయెజ్ కింద నిలబెడదాం. ఒంటి బరువు 70 కిలోలు. సైకిల్, బూట్లు, హెల్మెట్, నీళ్ల సీసాలు అన్నీ కలిపి ఇంకో 10. మొత్తం 80 కిలోలు. కాలు 250 వాట్లు పెడుతోంది. చైన్, బేరింగుల దగ్గర సుమారు 7 వాట్లు పోతాయి. మిగిలిన 243 వాట్లు మూడు పనులకు ఖర్చవుతాయి: 80 కిలోలను పైకి మోయడం, టైరు రోడ్డు మీద నలుగుతూ దొర్లడం, ఎదురుగా ఉన్న గాలిని తోసుకుపోవడం. ఈ మూడూ కలిసి సరిగ్గా 243 అయ్యే వేగం దగ్గర సైకిల్ నిలకడగా సాగుతుంది. 8.1 శాతం వాలు మీద ఆ వేగం గంటకు సుమారు 12.6 కిలోమీటర్లు. ఆ లెక్కన పైకి చేరడానికి 66 నిమిషాలు పడుతుంది.

ఖర్చు ఎలా పంచుకుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బరువు మోయడానికి 221 వాట్లు. టైర్లకు 14. గాలికి 8 మాత్రమే. అదే మనిషి అదే 250 వాట్లతో చదును రోడ్డు మీద పోతే గంటకు 35, 36 కిలోమీటర్లు వెళ్తాడు, అక్కడ 200 వాట్లకు పైగా గాలే తినేస్తుంది. గాలి లెక్క ఎప్పుడూ చిక్కే. వంగి తొక్కితే ఒకలా, నిటారుగా కూర్చుంటే ఒకలా, ముందు ఎవరైనా ఉంటే ఇంకోలా ఉంటుంది. కొండ మీద ఆ చిక్కంతా 8 వాట్లలో అణిగిపోతుంది. మిగిలేదల్లా బరువు, ఎత్తు. వాటికి ఉన్న సూత్రం బళ్లో చదువుకున్నదే:

```
వాట్లు = కిలోలు × 9.81 × సెకనుకు ఎక్కే మీటర్లు
```

మన మనిషి సెకనుకు 28 సెంటీమీటర్లు పైకి లేస్తున్నాడు. 80 × 9.81 × 0.282 చేసి చూడండి, 221 వస్తుంది.

అందుకే కొండ మీద వట్టి వాట్లు చూస్తే లాభం లేదు, వాటిని బరువుతో భాగించాలి. అన్నదమ్ములు ఇద్దరు అనుకుందాం. అన్న 85 కిలోలు, 300 వాట్లు తొక్కుతాడు. తమ్ముడు 55 కిలోలు, 220 వాట్లు. చదును రోడ్డు మీద అన్న గంటకు 37 కిలోమీటర్లతో ముందుంటాడు, తమ్ముడు 36కు అటూ ఇటూ ఉంటాడు. ఆల్ప్ డ్యుయెజ్ మీద కథ తిరగబడుతుంది. తమ్ముడు 61 నిమిషాల చిల్లరకు పైన ఉంటాడు, అన్నకు 65 పడుతుంది. కిలోకు వాట్లు లెక్కేస్తే తమ్ముడికి 4.0, అన్నకు 3.5.

ఇక్కడ చాలామంది తప్పే చోటు ఒకటి ఉంది. ఇద్దరికీ కిలోకు సరిగ్గా 3.5 వాట్లే ఉన్నాయనుకోండి. సమానంగా చేరతారా? చేరరు. అన్న కాస్త ముందే చేరతాడు. కారణం సైకిల్. ఆ 10 కిలోల సామాను ఇద్దరికీ ఒకటే. 55 కిలోల మనిషికి అది ఒంట్లో ఐదో వంతుకు దగ్గర, 85 కిలోల మనిషికి ఎనిమిదో వంతు. మొత్తం బరువుతో భాగిస్తే తమ్ముడికి కిలోకు 2.96, అన్నకు 3.13 వాట్లు మిగులుతాయి. సుమారు 5 శాతం తేడా. కాబట్టి తేలికైన సైకిల్ మీద పెట్టిన డబ్బు సన్నటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

మరి ఒక కిలో తగ్గితే ఎంత కలిసొస్తుంది? మన 80 కిలోల లెక్కలో 66 నిమిషాల మీద సుమారు 45 సెకన్లు. అదే 45 సెకన్లు బరువు తగ్గకుండా 3 వాట్లు పెంచుకున్నా వస్తాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. రెండు కిలోలు తగ్గాలని తిండి మానేసి, నీరసంతో 15 వాట్లు పోగొట్టుకున్నవాడు కొండ మీద నెమ్మదిస్తాడు. పైగా ఈ 66 నిమిషాల పనికి శరీరం సుమారు 1,000 కిలో క్యాలరీలు ఖర్చు పెడుతుంది. కండరాలు తిండిలోని శక్తిలో నాలుగో వంతులోపే పెడల్‌కు అందిస్తాయి, మిగిలింది వేడి. గంటకు 12 కిలోమీటర్ల వేగంలో ఆ వేడిని తీసుకుపోవడానికి గాలి కూడా సరిగ్గా తగలదు. ముప్పావు లీటరు నీళ్లు కింద పారబోస్తే 34 సెకన్లు మిగులుతాయన్నది నిజమే, కానీ ఎండరోజున ఆ నీళ్లు లేక తగ్గే వాట్లు అంతకంటే ఎక్కువే.

సగటు 8.1 అన్నాం కానీ రోడ్డు అంతటా అలా ఉండదు. మొదటి రెండు కిలోమీటర్లే అన్నిటికంటే నిటారు, సుమారు 10 శాతం. అక్కడ 250 వాట్లకు వచ్చే వేగం గంటకు పదిన్నర కిలోమీటర్లు. కాళ్లు తాజాగా ఉంటాయి, పక్కవాళ్లు దాటిపోతుంటారు, టెన్షన్‌లో తెలియకుండానే 310 వాట్లు తొక్కేస్తారు. ఆ రెండు కిలోమీటర్లలో రెండు నిమిషాలు మిగుల్తాయి. గంటసేపు నిలిచే శక్తి 250 అయిన మనిషి దానికి మూల్యం పైన చెల్లిస్తాడు. మిగిలిన 11.8 కిలోమీటర్లు 225 వాట్లకు పడిపోయినా దాదాపు 6 నిమిషాలు పోతాయి. జరిగిందేమిటో మీటర్ రికార్డులో స్పష్టంగా కనిపిస్తుంది: మొదటి పది నిమిషాల్లో ఎత్తైన గీత, తర్వాత పైదాకా మెల్లగా జారే గీత.

గేరు కూడా అక్కడే దెబ్బ తీస్తుంది. ముందు పళ్లచక్రం 34 పళ్లు, వెనక 32 ఉంటే ఆ పదిన్నర కిలోమీటర్ల వేగంలో పెడల్ నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. హాయిగా ఉంటుంది. పాత సైకిల్ మీద 39, 25 ఉంటే 53 సార్లే. వాట్లు అవే, కానీ ప్రతి తొక్కులో కాలు దాదాపు ఒకటిన్నర రెట్లు బలంగా నొక్కాలి. ఊపిరి బాగానే ఉన్నా తొడలు ముందే చచ్చుబడితే చూడాల్సింది గేరు వైపు.

లెక్కను వెనక నుంచి కూడా చేయవచ్చు. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కారన్నదాన్ని సైక్లింగ్‌లో వీఏఎమ్ అంటారు. దీన్ని వాడుకలోకి తెచ్చినవాడు ఇటలీ డాక్టర్ మికేలే ఫెరారి, డోపింగ్ కేసులో 2012లో జీవితకాల నిషేధం పడిన మనిషి. ఆయన చూపిన దగ్గరి దారి ఇది:

```
కిలోకు వాట్లు = వీఏఎమ్ ÷ (200 + 10 × వాలు శాతం)
```

మన 70 కిలోల మనిషి గంటకు 1,014 మీటర్లు ఎక్కాడు. 281తో భాగిస్తే 3.6. నిజంగా పెట్టింది 250 ÷ 70, అంటే 3.57. 1997లో ఇటలీ రేసర్ మార్కో పంతాని ఈ కొండ ఎక్కిన సమయం 37 నిమిషాల 35 సెకన్లని ఎక్కువగా చెబుతారు. ఆ లెక్కన వీఏఎమ్ 1,785, కిలోకు 6.3 వాట్లకు పైనే. రెండేళ్ల తర్వాత ఇటలీ రేసులో పంతాని రక్తంలో ఎర్రకణాల శాతం అనుమతించిన 50ని దాటి 52గా తేలి రేసు నుంచి పంపేశారు. 1997 నాటి ఆ అంకె ఒక్కటే డోపింగ్‌ను రుజువు చేయదు. స్టాప్‌వాచ్ ఎక్కడ మొదలుపెట్టారన్న దానిపైనే ఆ సమయాల మీద వాదనలున్నాయి. వెనక నుంచి గాలి వీచినా, ముందు ఎవరి చాటునైనా తొక్కినా లెక్క పైకి తేలుతుంది.

మీ దగ్గరి ఘాట్ రోడ్డు మీద ఈ లెక్క వేయాలంటే మధ్యలో దిగుడు లేని, 6 శాతానికి తగ్గని ముక్క తీసుకోండి. పవర్ మీటర్ చూపే అంకె లెక్కకు 10 శాతం ఎక్కువగా ఉంటే మొదట బ్రేక్ రాసుకుంటోందేమో చూడాలి. తర్వాత మీటర్‌ను సున్నా చేశారో లేదో చూడాలి. చలిలో సున్నా చేసి ఎండలో ఎక్కితే చాలా పవర్ మీటర్లలో అంకె పక్కకు జరుగుతుంది.

ఆల్ప్ డ్యుయెజ్ పైభాగంలో, మలుపులన్నీ అయిపోయాక, ఊళ్లోకి పోతూ వాలు తగ్గుతుంది. 5 శాతం దగ్గర అదే 250 వాట్లకు వేగం గంటకు 18 కిలోమీటర్లు దాటుతుంది, గాలి ఖర్చు 8 నుంచి 25 వాట్ల దాకా లేస్తుంది. అంతదాకా ఎవరి బరువు వాళ్లు మోసుకొచ్చినవాళ్లు, అక్కడ మళ్లీ ఒకరి వెనక ఒకరు చేరతారు.