వెటకారం ఎవరి మాట?

జోరువాన కురిసిన సాయంత్రం. హైదరాబాదులో ఏదో వీధి, మోకాలి లోతు నీళ్ళు, సగం మునిగిన స్కూటరు. ఆ ఫోటో కింద రెండే మాటలు: "విశ్వనగరానికి స్వాగతం." ఇలాంటి పోస్టును నిజమైన ఆహ్వానం అనుకునే తెలుగువాడు ఉండడు. ఎలా అర్థమైందని అడిగితే మాత్రం చాలామంది ఒకే జవాబు చెబుతారు: అన్నదానికి వ్యతిరేకం తీసుకున్నాం, అంతే. అయితే "స్వాగతం" అన్నదానికి వ్యతిరేకం ఏమిటి? "రావద్దు" అనా? ఆ పోస్టు పెట్టినవాడు ఎవరినీ రావద్దనలేదు. భాషాశాస్త్రంలో యాభై ఏళ్ళకు పైగా సాగుతున్న ఒక వాదం ఈ చిన్న చిక్కు దగ్గరే మొదలైంది.

వెటకారమంటే విపరీతార్థం అన్న ఊహ చాలా పాతది. మొదటి శతాబ్దపు రోమన్ అలంకారికుడు క్వింటిలియన్ ఆ మాటే చెప్పాడు. మనవాళ్ళూ దీన్ని విపరీత లక్షణ అన్నారు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇచ్చిన ఉదాహరణలో, తనకు ద్రోహం చేసినవాడితో ఒకడు ఇలా అంటాడు: ఎంత మేలు చేశావయ్యా, ఏమని చెప్పను, నీ మంచితనం అందరికీ తెలిసింది, ఇలాగే చేస్తూ నూరేళ్ళు సుఖంగా ఉండు మిత్రమా. అక్కడ వాచ్యార్థం పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది.

ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్‌లో ఉపన్యాసాలిస్తూ దాదాపు ఇదే ఉదాహరణ ఎంచుకోవడం విచిత్రం. ఆయన మమ్మటుణ్ణి చదివి ఉంటాడని నేననను, మిత్రద్రోహం అన్ని దేశాలలోనూ ఒకటే. గ్రైస్ కథలో ఒకడి రహస్యాన్ని అతని స్నేహితుడు వ్యాపారంలో పోటీదారుకు చేరవేస్తాడు. మోసపోయినవాడు "వాడు మంచి స్నేహితుడు" అంటాడు. ఆ ఉపన్యాసం 1975లో అచ్చయింది. మాటల్లో నేరుగా లేకున్నా వినేవాడికి అందే అర్థాన్ని వివరించే సూచితార్థ సిద్ధాంతానికి అదే పునాది.

గ్రైస్ వాదన ఇలా సాగుతుంది. మాట్లాడుకునేవారు ఒకరికొకరు సహకరిస్తున్నారన్న నమ్మకంతోనే సంభాషణ నడుస్తుంది. ఆ సహకారంలో భాగంగా కొన్ని నియమాలు పాటిస్తారు. అబద్ధమని తెలిసింది చెప్పకూడదు అన్నది వాటిలో ఒకటి. ఎవరైనా ఆ నియమాన్ని దొంగచాటుగా కాక, వినేవాడికి తెలిసేలా బాహాటంగా ఉల్లంఘిస్తే, వినేవాడు సహకారం తెగిపోయిందనుకోడు, ఇంకేదో చెప్పదలచుకున్నాడని వెతుకుతాడు. వెటకారంలో అలా వెతికితే దొరికేది అన్నమాటకు తలకిందులైన అర్థం. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినట్టు, ఒక్కొక్క అడుగూ లెక్కగట్టి చూపించవచ్చు. అందుకే ఈ సిద్ధాంతం అంతగా ఆకట్టుకుంది.

దానిలోని లోటును మొదట చెప్పినవాడు కూడా గ్రైసే. 1978లో అచ్చయిన తరువాతి ఉపన్యాసంలో ఒక చిన్న సంఘటన ఊహించాడు. ఇద్దరు వీధిలో నడుస్తుండగా అద్దం పగిలిన కారు కనిపిస్తుంది. ఒకడు "చూడు, ఆ కారు అద్దాలన్నీ భద్రంగా ఉన్నాయి" అంటాడు. రెండోవాడు తెల్లబోతాడు. "వెటకారంగా అన్నాను, ఒక అద్దం పగిలిందని చెప్పాను" అని మొదటివాడు వివరించినా అది వెటకారంగా తోచదు. అబద్ధం బాహాటంగానే ఉంది, వ్యతిరేకార్థమూ ఉంది, వెటకారం మాత్రం లేదు. దీన్నుంచి గ్రైస్ తేల్చినది, వెటకారంలో ఏదో ఒక భావోద్వేగం, చాలాసార్లు తిరస్కారం, ఉండి తీరాలని. ఆ తిరస్కారం దేని మీద అన్నది ఆయన అక్కడ వదిలేశాడు.

సరిగ్గా ఆ ఏడాదే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త డాన్ స్పెర్బర్, బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త డెర్డ్రి విల్సన్ ఫ్రెంచిలో ఒక వ్యాసం రాశారు, 1981లో ఇంగ్లీషులో మరొకటి ప్రచురించారు. తిరస్కారం దేని మీద అన్న ప్రశ్నకు వారి జవాబు: మాట మీద. వెటకారమాడేవాడు తన మాట చెప్పడం లేదు. ఎవరో అన్నదాన్నో, అనుకున్నదాన్నో, అందరూ ఆశించేదాన్నో మళ్ళీ పలికి, దాన్ని తనకు దూరంగా పట్టుకుని చూపిస్తున్నాడు. దీనినే ప్రతిధ్వని అన్నారు. 1986లో వాళ్ళిద్దరూ పుస్తకంగా తెచ్చిన ప్రాసంగికతా సిద్ధాంతంలో ఇది భాగమైంది. దీన్ని తెలుగులో ఔచిత్య సిద్ధాంతం అంటే సంస్కృత అలంకారికుడు క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యంతో కలిసిపోతుంది, అందుకే ఆ మాట వాడటం లేదు. ఈ సిద్ధాంతంలో నియమాలూ లేవు, వాటి ఉల్లంఘనా లేదు. వినేవాడి మనసు తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే అర్థాన్ని వెతుక్కుంటుంది, తగినంత దొరకగానే ఆగుతుంది.

ఇప్పుడు మళ్ళీ వాననీటి ఫోటో దగ్గరికి వద్దాం. గ్రైస్ పద్ధతిలో మొదటి మెట్టు మీదే కాలు జారుతుంది. "స్వాగతం" నిజమో అబద్ధమో చెప్పగల వాక్యం కాదు, కాబట్టి అబద్ధం చెప్పకూడదన్న నియమం ఉల్లంఘన కాలేదు. గ్రైస్ పక్షాన వాదించేవారు అది సందర్భానికి పొసగని మాట కనుక వేరే నియమం తప్పిందనవచ్చు, కానీ అక్కడి నుంచి విపరీతార్థానికి దారి లేదు. ప్రతిధ్వని దారిలో చూస్తే ఇబ్బంది లేదు. హైదరాబాదును విశ్వనగరం చేస్తామన్నది ఏళ్ళ తరబడి నాయకుల ప్రసంగాలలో వినబడిన మాట. పోస్టు ఆ మాటను ఎత్తుకుంది, ఫోటో దాని పక్కన నిలబడింది. "నగరం బాగాలేదు" అన్న సమాచారం చెప్పడం దాని పని కాదు, అది ఫోటోలోనే కనబడుతోంది. ఆ మాట అన్నవారి మీద విసురే దాని పని.

ఇంకా ఇబ్బందికరమైన రకం ఒకటుంది. గంటసేపు బస్టాపులో నిలబడినవాడు "సమయానికి వచ్చే బస్సులంటే నాకెంత ఇష్టమో" అని పోస్టు పెట్టాడనుకోండి. అందులో అబద్ధమే లేదు, అతనికి నిజంగానే అలాంటి బస్సులంటే ఇష్టం. తలకిందులు చేస్తే "సమయానికి వచ్చే బస్సులంటే నాకు ఇష్టం లేదు" అని అర్థం లేని వాక్యం వస్తుంది. నిజం చెబుతూనే వెటకారమాడే ఇలాంటి పోస్టులు సోషల్ మీడియాలో కొల్లలు. వీటి విషయంలో సూచితార్థ సిద్ధాంతం చేతులెత్తేస్తుందనే నా అభిప్రాయం.

రెండింటిలో ఏది నిలుస్తుందో తేల్చడానికి ఒక మంచి పరీక్ష ఉంది. పరీక్ష తప్పినవాణ్ణి "ఆహా, ఎంత తెలివైనవాడో" అంటే ఎవరికైనా వెటకారమని తెలుస్తుంది. మొదటి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయిని "ఎంత మొద్దో" అంటే? ఆ అమ్మాయి మొద్దని ఇంతకుముందు ఎవరో అని ఉంటే తప్ప ఆ మాట పొసగదు. మనస్తత్వవేత్తలు రోజర్ క్రూజ్, సామ్ గ్లక్స్‌బర్గ్ 1989లో పాఠకుల మీద ప్రయోగాలు చేసి ఇలాంటి తేడానే గమనించారు. వ్యతిరేకార్థమే వెటకారమైతే రెండు వైపులా సమానంగా పనిచేయాలి. ప్రతిధ్వని అయితే ఈ వంకర సహజమే. మనుషులు తెలివిగా ఉండాలి, బస్సులు వేళకు రావాలి అన్న ఆశ ఎప్పుడూ గాలిలో ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా ఎత్తుకోవచ్చు. నిందను ఎత్తుకోవాలంటే ముందు ఎవరో నిందించి ఉండాలి.

తెలుగువారికి ఈ వాదం కొంత ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే మన వ్యాకరణంలోనే దానికి ఒక గుర్తు ఉంది. "వాడు పెద్ద పండితుడట!" "ఇరవైనాలుగు గంటలూ కరెంటట!" ఈ "అట" మాట నాది కాదు, ఇతరులది అని చెబుతుంది. ఇంగ్లీషులో ఊహించి పట్టుకోవలసిన ప్రతిధ్వని ఇక్కడ వాక్యం చివర బయటికే వినబడుతోంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. "రేపు సెలవట" అన్నదానిలో ఏ వెటకారమూ లేదు, అది వినికిడి మాత్రమే. అంటే "అట" మాట ఎవరిదో చెబుతుంది, దాని పట్ల మన వైఖరి చెప్పదు. వైఖరి ఆశ్చర్యార్థకం నుంచో, పక్కనున్న ఫోటో నుంచో, మాట్లాడేవాడి గురించి ముందే తెలిసినదాన్నుంచో రావాలి. పోస్టులను పరిశీలించేవారు ఈ రెండింటినీ విడివిడిగా రాసుకోవడం మేలు. ఒక పోస్టు పాఠకుడికి అందకపోతే, అతనికి మూలం తెలియలేదా, వైఖరి కనబడలేదా అన్నది అప్పుడే తేలుతుంది. విశ్వనగరం అన్న మాట ఎన్నడూ వినని విదేశీ పాఠకుడిది మొదటి రకం వైఫల్యం. ఆ మాట తెలిసి, ఫోటో తొలగించిన పోస్టు మాత్రమే చూసినవాడిది రెండోది.

ప్రతిధ్వని సిద్ధాంతానికీ గట్టి అభ్యంతరాలున్నాయి. ఎవరి మాటో చూపలేనప్పుడు "అందరి ఆశనే ఎత్తుకున్నాడు" అనేస్తే దేన్నయినా ప్రతిధ్వని అనవచ్చు, తప్పని నిరూపించే వీలుండదు. ఇంకొకటి, ఆలస్యంగా లేచిన తమ్ముణ్ణి "దొరగారు నిద్ర లేచారండీ" అనడం. అక్కడ ఎవరి మాటా ఎత్తుకోలేదు, కాసేపు నౌకరు వేషం కట్టారు. హెర్బర్ట్ క్లార్క్, రిచర్డ్ గెరిగ్ 1984లో వెటకారమంటే ఇలాంటి నటనే అని వాదించారు. వారికి ఆధారమూ గ్రైస్ మాటే. వెటకారమాడటంలో నటించడం కూడా ఒక భాగమని ఆయన 1978లోనే అన్నాడు.

కంప్యూటర్లతో వెటకారం పట్టించే ప్రయత్నాలలో మాత్రం చాలాకాలం పాత ఊహే రాజ్యమేలింది. 2013లో ఎలెన్ రిలోఫ్ బృందం ట్విట్టర్ పోస్టులలో మెచ్చుకునే మాట పక్కన కష్టమైన పరిస్థితి వస్తే దాన్ని గుర్తించే పద్ధతి రూపొందించింది. "నన్నెవరూ పట్టించుకోకపోవడమంటే నాకెంతో ఇష్టం" వంటివి దానికి చిక్కుతాయి. బస్సు పోస్టు చిక్కదు, అందులో వేళకు రావడం కష్టమైన పరిస్థితి కాదు కదా. 2015లో డేవిడ్ బామ్మన్, నోవా స్మిత్ పోస్టు మాటలతో పాటు రాసినవారి పాత పోస్టులు, వారు ఎవరితో మాట్లాడుతున్నారన్నదీ కలిపి చూస్తే ఫలితం మెరుగుపడిందని చూపారు. #sarcasm అన్న గుర్తును ఒకరికొకరు అంతగా తెలియనివారి మధ్యే ఎక్కువగా వాడుతున్నారని కూడా గమనించారు. దగ్గరివారికి ఆ గుర్తు అక్కరలేదు, ఎవరి మాట ఎత్తుకున్నామో వారికి ముందే తెలుసు.

గ్రైస్‌ను పూర్తిగా పక్కన పెట్టలేని చోటు ఒకటి మిగిలింది. సూచితార్థాన్ని వెనక్కి తీసుకోవచ్చని ఆయన చెప్పిన లక్షణం వెటకారపు పోస్టులకు చక్కగా సరిపోతుంది. వాననీటి ఫోటో పెట్టినవాణ్ణి ఎవరైనా నిలదీశారనుకుందాం. "నేను స్వాగతమేగా పలికాను, తప్పేముంది?" అని అతను తప్పుకోవచ్చు, అది గ్రైస్ దారి. రెండో దారి కూడా అతనికి తెరిచే ఉంది: "విశ్వనగరం అన్న మాట నాది కాదు కదండీ, మీదే."