రిజల్ట్స్ రోజు సర్వర్ ఎందుకు పడిపోతుంది: ఐటీ అధికారి మెయిల్ వెనక ఉన్న లెక్క

సెమిస్టర్ ఫలితాలకు వారం పది రోజుల ముందు యూనివర్సిటీ ఐటీ విభాగం నుంచి రిజిస్ట్రార్‌కు ఒక మెయిల్ వెళ్తుంది. పోయినసారి సర్వర్ రాసుకున్న లాగ్‌లు చూశామని, ఈసారి కూడా మొదటి అరగంట సైట్ తెరుచుకోదని, దాన్ని తప్పించాలంటే ఫలానా నిర్ణయాలు ఇప్పుడే కావాలని అందులో ఉంటుంది. చాలాచోట్ల ఆ మెయిల్‌ను కొత్త సర్వర్ కోసం పెట్టిన అర్జీ కిందే చూస్తారు. బడ్జెట్ లేదన్న జవాబుతో విషయం ముగిసిపోతుంది. మెయిల్‌లో ఉన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, అందులో అడిగినది చాలావరకు డబ్బు కాదని అర్థమవుతుంది.

ముందు ఈ రద్దీ ఎలా పుట్టిందో చూడాలి. ఒకప్పుడు పది, ఇంటర్ ఫలితాలు పేపర్లో వచ్చేవి. పాసైనవాళ్ల హాల్ టికెట్ నంబర్లు చిన్న అక్షరాల్లో పేజీల నిండా ఉండేవి. డిగ్రీ ఫలితాలైతే కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించేవారు. 1990ల చివర్లో ఫలితాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాక పిల్లలు నెట్ సెంటర్లకు పరుగెత్తారు. అక్కడ కూర్చున్న కుర్రాడు ఒక్కొక్కరి నంబరు కొట్టి, మార్కుల కాగితం ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఊరికి రెండో మూడో కంప్యూటర్లు ఉన్నంతకాలం క్యూ ఆ షాపు గుమ్మం దగ్గరే ఉండేది. సర్వర్ దాకా చేరేది కొద్దిమందే.

2016 సెప్టెంబరులో జియో వచ్చి మొబైల్ డేటా చౌక అయ్యాక ఆ క్యూ షాపు ముందు నుంచి మాయమైంది. ప్రతి విద్యార్థి చేతిలో ఫోన్, ఇంట్లో అమ్మానాన్నల చేతుల్లో ఇంకో రెండు. ‘సాయంత్రం 5 గంటలకు ఫలితాలు’ అని వాట్సాప్‌లో వస్తే 4:58 నుంచే అందరూ రిఫ్రెష్ కొడుతుంటారు. ఇంతకుముందు పది ఊళ్ల షాపుల ముందు నిలబడ్డ జనం ఇప్పుడు ఒకే నిమిషంలో ఒకే యంత్రం ముందుకు వస్తున్నారు. విద్యార్థుల సంఖ్య పెరగకపోయినా సర్వర్ పడిపోవడానికి ఇదే కారణం.

ఇక లాగ్ సంగతి. అపాచీ వెబ్ సర్వర్ తనకు వచ్చిన ప్రతి అభ్యర్థనకు access.log అనే ఫైల్‌లో ఒక వరుస రాస్తుంది. మచ్చుకు ఒక వరుస ఇలా ఉంటుంది:

```
203.0.113.24 - - [12/Jul/2024:17:03:41 +0530] "GET /result.php?ht=1001 HTTP/1.1" 200 8412
```

ఎవరి ఐపీ, ఏ సెకనులో, ఏ హాల్ టికెట్‌కు ఏ పేజీ అడిగారు, జవాబు కోడ్ ఎంత, ఎన్ని బైట్లు పంపాం అన్నవి ఇందులో ఉంటాయి. ఫలితాల పేజీకి నిమిషానికి ఎన్ని అభ్యర్థనలు వచ్చాయో తెలుసుకోవడానికి ఒక్క కమాండ్ చాలు:

```
grep "result.php" access.log | cut -d'[' -f2 | cut -c1-17 | sort | uniq -c
```

అయితే ఈ ఫైల్ ఎల్లకాలం ఉండదు. పాత లాగ్‌లను ఎప్పటికప్పుడు చెరిపేసే పని logrotate అనే ప్రోగ్రాం చేస్తుంది. ఉబుంటులో అపాచీకి ఉండే మామూలు అమరిక ప్రకారం రోజుకో ఫైల్ చొప్పున 14 మాత్రమే మిగులుతాయి. ఫలితాలు వచ్చేది ఆరు నెలలకోసారి. అంటే రెండు వారాల్లోపు ఎవరైనా పనిగట్టుకుని కాపీ తీసి దాచకపోతే పోయిన సెమిస్టర్ ఆధారం చెరిగిపోయినట్టే. మెయిల్‌లో పాత లెక్కలు ఉన్నాయంటే వాటిని ఎవరో జాగ్రత్త చేశారన్నమాట.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక యూనివర్సిటీలో 18,000 మంది పరీక్ష రాశారు. ఫలితాలు 5 గంటలకు పెట్టారు. పై కమాండ్ నడిపితే 4:55కు నిమిషానికి 300 అభ్యర్థనలు, 5:00కు 1,900 కనిపించాయి. 5:01 నుంచి 5:22 దాకా ప్రతి నిమిషమూ 2,400కు కాస్త అటూ ఇటూ. ఆ తర్వాత మెల్లగా దిగింది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ‘పోయినసారి గరిష్ఠం నిమిషానికి 2,400. ఈసారి పది శాతం పెంచి 2,640కి సిద్ధంగా ఉంటే సరిపోతుంది’ అంటారు. కానీ ఈ అంకెలను గ్రాఫ్‌గా గీస్తే ఆ 22 నిమిషాల గీత చదునుగా ఎందుకుందో అడగాలి. మనుషుల రాక ఎప్పుడూ అంత చదునుగా ఉండదు. ఒక్కసారిగా ఎగిసి, వెంటనే పడుతుంది. గీత చదునైందంటే సర్వర్ తన శక్తినంతా వాడేసిందని అర్థం. నిండిన బస్సులో ఎందరున్నారో లెక్కపెడితే స్టాండులో ఎందరు మిగిలిపోయారో తెలియదు, ఇదీ అంతే. లోపలికి రాలేక ఫోన్‌లో తెల్ల తెర చూస్తూ ఉండిపోయినవాళ్లకు access.log లో వరుసే ఉండదు. దీన్ని రూఢి చేసుకోవడానికి సర్వర్ తన ఇబ్బందులను రాసుకునే error.log తెరవాలి. అక్కడ 5:01 ప్రాంతంలో ‘server reached MaxRequestWorkers setting’ అన్న మాట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

MaxRequestWorkers అంటే ఒకేసారి ఎన్ని అభ్యర్థనలకు పని చేయవచ్చో చెప్పే హద్దు. ఒక్కో అభ్యర్థనకు ఒక్కో ప్రాసెస్ కేటాయించే ప్రీఫోర్క్ పద్ధతిలో అపాచీ సొంత మామూలు హద్దు 256. మన ఉదాహరణలో అదే ఉందనుకుందాం. ఇక్కడ 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం అక్కరకొస్తుంది: ఒకేసారి లోపల ఉన్నవాళ్ల సంఖ్య, సెకనుకు వచ్చేవాళ్లను ఒక్కొక్కరు లోపల ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఈ ఆలోచనకు మూలం ఇంకా వెనక ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్, ఎన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్ అందుతాయో తేల్చే గణితాన్ని 1909 నుంచే ప్రచురించాడు. నిమిషానికి 2,400 అంటే సెకనుకు 40. 256ను 40తో భాగిస్తే 6.4 సెకన్లు. అపాచీ మామూలు లాగ్‌లో ఒక్కో పేజీకి ఎంతసేపు పట్టిందన్నది ఉండదు. దానికి లాగ్ ఫార్మాట్‌లో %D అని విడిగా చేర్చాలి. అయినా ఈ చిన్న భాగహారంతో, మామూలు రోజుల్లో క్షణంలో తెరుచుకునే పేజీకి ఆ రోజు ఆరు సెకన్లు దాటిందని తెలిసిపోయింది.

ఆ ఆలస్యం ఎక్కువగా డేటాబేస్ దగ్గర. ప్రతి అభ్యర్థనా మార్కుల పట్టికను విడిగా వెతుకుతుంది. పైగా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఒకేసారి ఉండగల కనెక్షన్ల మామూలు హద్దు 151. వెబ్ సర్వర్ 256 మందిని లోపలికి రానిస్తే, డేటాబేస్ దగ్గర వంద మంది దాకా వెనక్కి తిరగాల్సి వస్తుంది. వాళ్లకు కనిపించేది ‘Too many connections’. రాసిన ప్రోగ్రాం జాగ్రత్తగా లేకపోతే ఆ తప్పు పేజీ కూడా ‘అంతా సరే’ అని చెప్పే 200 కోడ్‌తోనే వెళ్తుంది. లాగ్ పైపైన చూస్తే అంతా సవ్యంగా నడిచినట్టే ఉంటుంది. తేడా పట్టించేది చివర ఉన్న బైట్ల అంకె. మార్కుల పేజీ 8,000 బైట్లు దాటితే, తప్పు పేజీ కొన్ని వందల్లో ఆగిపోతుంది. అంటే ఆ 2,400లో కూడా మార్కులు నిజంగా అందినవి ఇంకా తక్కువే.

మరి అసలు ఎంతమంది వస్తారో ఎలా తేల్చాలి? సర్వర్ నిండని రోజు లాగ్ వెతకాలి. సప్లిమెంటరీ ఫలితాలు అందుకు బాగా పనికొస్తాయి. మన ఉదాహరణలో అవి 2,000 మందివి అనుకుందాం. ఆ రోజు గీత ఎక్కడా చదునుగా లేదు, error.log శుభ్రంగా ఉంది. అత్యంత రద్దీ నిమిషంలో 250 వేర్వేరు హాల్ టికెట్లు కనిపించాయి, అంటే ఎనిమిదింట ఒక వంతు. ఒక్కో నంబరును సగటున రెండుసార్లు చూశారు. వేరే ఫోన్ నుంచి ఇంట్లోవాళ్లు చూడటం, స్క్రీన్‌షాట్ కోసం మళ్లీ తెరవడం లాంటివి. ఇదే నిష్పత్తి 18,000కు వేస్తే నిమిషానికి 2,250 నంబర్లు, 4,500 అభ్యర్థనలు. సెకనుకు 75. సర్వర్ మోసేది 40. మిగిలిన 35 అభ్యర్థనలు సెకను సెకనుకూ పేరుకుపోతాయి. ఒక్క నిమిషంలో 2,100 అభ్యర్థనలు బయట ఉంటాయి. వాటిని పంపినవాళ్లు ఊరుకోరు కదా, టెన్షన్‌లో మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఆ నొక్కుళ్లతో రద్దీ ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్కకూ పరిమితులున్నాయి. ఇక్కడ ఐపీలను నమ్ముకోకూడదు, ఎందుకంటే హాస్టల్ వైఫైలో వందల మంది ఒకే ఐపీతో వస్తారు. అందుకే హాల్ టికెట్లే లెక్కించాలి. ఆ నంబరు పేజీ చిరునామాలో కాకుండా ఫారం లోపలి నుంచి వెళ్లేటట్టు సైట్ కడితే లాగ్‌లో అది కనిపించదు, అప్పుడు ఈ దారి మూసుకుపోయినట్టే. సప్లీ రాసినవాళ్ల ఆత్రం, రెగ్యులర్ వాళ్ల ఆత్రం ఒకటేనని కూడా అనలేం. కాబట్టి మంచి మెయిల్‌లో 75 అని ఒకే అంకె ఉండదు, ‘60 నుంచి 90 మధ్య’ అని ఉంటుంది. ఆ పరిధిలో ఏ చివర తీసుకున్నా 40 చాలదు, నిర్ణయానికి అది చాలు.

పరిష్కారం పెద్ద యంత్రమే కానక్కర్లేదు. ఒక్కో హాల్ టికెట్‌కు మార్కుల పేజీని ముందే తయారుచేసి మామూలు ఫైల్‌గా పెడితే డేటాబేస్ జోలికే వెళ్లక్కర్లేదు. పేజీ 10 కేబీ అనుకున్నా 18,000 పేజీలు కలిపి 180 ఎంబీ. అదంతా మెమరీలోనే పడుతుంది. అలాంటి చిన్న ఫైళ్లను పాత సర్వర్ కూడా సెకనుకు వందల్లో సులువుగా ఇస్తుంది. అయితే వరుస నంబరే ఫైల్ పేరైతే ఎవరి మార్కులైనా ఎవరైనా చూసేస్తారు. ఊహించలేని పేరు పెట్టి, ఆ లింకును విద్యార్థి నమోదు చేసుకున్న మొబైల్‌కు మెసేజ్‌గా పంపడం మేలు. ఇంకో దారి రద్దీని వేరే తలుపులకు మళ్లించడం. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలను ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలోనూ ఇచ్చారు. సీబీఎస్‌ఈ ఫలితాలు డిజీలాకర్‌లోనూ వస్తాయి.

ఇంత తేలికైనది ఏటా ఎందుకు జరగదంటే, ఫైళ్లు ముందే చేయాలంటే మార్కుల డేటా ముందే చేతికి రావాలి. పరీక్షల విభాగం దాన్ని విడుదలకు గంటో అరగంటో ముందు మాత్రమే ఇస్తుంది. వాళ్ల భయం కారణం లేనిది కాదు. ఫలితాలు ముందే బయటికి పొక్కితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. 18,000 పేజీలు తయారుచేసి, వాటిలో పదో పాతికో పేజీలను మార్కుల జాబితాతో సరిచూసుకోవడానికి ఐటీ వాళ్లకు ఆ అరగంట చాలదు. దాంతో నేరుగా డేటాబేస్ నుంచే చూపించే పాత పద్ధతికి దిగుతారు.

ఈ ముడి ఐటీ అధికారి విప్పగలిగేది కాదు. పరీక్షల కంట్రోలర్‌కు ఆయన ఆదేశం ఇవ్వలేరు. విడుదల వేళను ప్రకటించేదీ, బీఏ, బీకాం, బీఎస్సీలను గంట తేడాతో విడివిడిగా పెట్టవచ్చో లేదో చెప్పేదీ పైనుంచే. మెయిల్ రిజిస్ట్రార్‌కే వెళ్లడానికి కారణం అదే. అందులో అడిగేది, డేటాను ముందురోజు సాయంత్రం, నెట్‌కు కలపని ఒక కంప్యూటర్‌లో, పరీక్షల విభాగం మనిషి పక్కన కూర్చుని ఉండగా ఇప్పించమని. దానికి రిజిస్ట్రార్ సంతకం విడుదలకు రెండు రోజుల ముందు పడితే పని అవుతుంది, ఆ రోజు ఉదయం పడితే అవదు.