చదరపు ఫ్రేము వంకరపోకుండా: టాక్‌లు, వరస

గాజువాక ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మొదటిసారి టేబుల్ ఫ్రేము చేశాను. 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, మందం 2 మి.మీ., ఒక్కో వైపు మీటరు. మూలమట్టం పెట్టి ఒక మూల పూర్తిగా వెల్డింగ్ చేసి, తర్వాతే రెండోదానికి వెళ్ళాను. మూడు మూలలయ్యేసరికి నాలుగో మూల దగ్గర కొసలు కలవలేదు, మధ్యలో వేలు దూరేంత సందు!

కోతలు సరిగ్గానే ఉన్నాయి. తేడా తెచ్చింది వేడి. ఉక్కు సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంత వేడెక్కిన చోటు వ్యాకోచించాలని చూస్తే చుట్టూ ఉన్న చల్లటి లోహం కదలనివ్వదు. మెత్తబడిన లోహం అక్కడే నలిగి మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం ముడుచుకుంటూ పోయి, మొదటికంటే పొట్టిదవుతుంది. అందుకే పైపు ఎప్పుడూ వెల్డ్ ఉన్న వైపుకే లాగబడుతుంది. మూల లోపలి అతుకు బయటి అతుకు కంటే పావు మిల్లీమీటరు ఎక్కువ ముడుచుకుందనుకోండి. 40 మి.మీ. పైపులో అది కంటికి కనిపించదు. కానీ మీటరు అవతల కొస 6 మి.మీ. పక్కకి జరుగుతుంది. మూడు మూలల తప్పూ కలిస్తే నాకు కనిపించిన సందు వస్తుంది.

పక్కనున్న మేస్త్రీ చూసి, "ముందు నాలుగు మూలలకీ టాక్ కొట్టు బాబూ, కర్ణాలు కొలువు, అప్పుడు నింపు" అన్నాడు.

టాక్ అంటే 5, 6 మి.మీ. చిన్న చుక్క. బయటి అంచున ఒకటి, లోపలి అంచున ఒకటి కొడితే రెండు లాగుళ్ళూ ఒకదాన్నొకటి ఆపుతాయి. ఇప్పుడు టేపు తీయాలి. మీటరు చదరానికి రెండు కర్ణాలూ 1414 మి.మీ. రావాలి. రెండోసారి చేసినప్పుడు నాకు ఒకటి 1417, ఇంకొకటి 1411 వచ్చాయి. పొడవైన కర్ణం ఉన్న మూలను చెక్కసుత్తితో మెల్లగా లోపలికి తట్టాను. ఫ్రేము కదిలింది. టాక్ ఉపయోగం ఇదే, పట్టుకుంటుంది కానీ ఇంకా మాట వింటుంది. నిండా వెల్డింగ్ అయ్యాక సుత్తికి లొంగదు.

తర్వాత వరస. ఒక మూలలో పై ముఖం మీద అతుకు వేసి, వెంటనే ఎదురుమూలకి వెళ్ళాలి. ఆ తర్వాతే మిగతా రెండూ. ఫ్రేము తిప్పి అడుగు ముఖాలకీ ఇదే వరస. పై ముఖాలన్నీ ఒకేసారి ముగించి, అడుగు సంగతి మరిస్తే చల్లారాక నేలమీద ఒక మూల లేచి ఆడుతుంది. బయటి, లోపలి అంచులు కూడా అలాగే, మూలకొకటి చొప్పున మార్చుకుంటూ. వేడి మూలని కొలవకూడదు, చెయ్యి ఆనించగలిగేదాకా ఆగితేనే టేపు నిజం చెబుతుంది.

క్లాంపులు బిగిస్తే చాలదా? పని జరుగుతున్నంతసేపూ పట్టుకుంటాయి, కానీ లోపలి బిగువు అలాగే ఉంటుంది. విప్పగానే ఫ్రేము కొంత వంగుతుంది. ముడుచుకోవడాన్ని పూర్తిగా ఆపలేం, రెండు వైపులకీ సమానంగా పంచగలం. నా రెండో ఫ్రేము కర్ణాల మధ్య తేడా చివరికి 1 మి.మీ. మిగిలింది. నేలమీద పెడితే నాలుగు మూలలూ ఆనాయి.