చేతులు కట్టుకున్న ఫోటోలో చొక్కా మార్చాలంటే: అపోహలు - వాస్తవాలు

అపోహ: మార్చాల్సిన చోటుని చూపే మాస్క్ కాస్త పెద్దగా వేసేస్తే చాలు, చేతుల సంగతి ఏఐ మోడలే చూసుకుంటుంది.

నా దగ్గరికి చెడిపోయి వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం ఈ మాట నమ్మి చేసినవే. వీడియోల్లో చెప్తారు, గ్రూపుల్లో చెప్తారు, పక్క స్టూడియో కుర్రాడూ అదే చెప్తాడు. ఎవరు చెప్పినా తప్పు తప్పే.

వాస్తవం: మాస్క్ కింద ఉన్నదంతా చెరిగిపోయి కొత్తగా పుడుతుంది. మోడల్‌కి చెయ్యి ఎలా ఉంటుందో తెలుసు, మీ నాన్నగారి చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు. చొక్కాతో పాటు చేతుల్నీ మాస్క్‌లోకి తోసేస్తే ఎవరిదో చెయ్యి తెచ్చి అతికిస్తుంది. ఆరు వేళ్లు వచ్చాయంటే అదృష్టమే, చూడగానే దొరికిపోతుంది. ఐదు వేళ్లూ చక్కగా కుదిరిన పరాయి చెయ్యితోనే అసలు గొడవ, ఎందుకంటే దాన్ని ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు.

ఒకావిడ గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ వచ్చారు, చేతిలో పోస్ట్‌కార్డ్ సైజు ప్రింటు. పోయిన వాళ్ల నాన్నగారిది బాగున్న ఫోటో అదొక్కటే. నీలం చారల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫ్రేమ్ కట్టించడానికి తెల్ల చొక్కా వేయమని అంతకుముందే ఇంకోచోట ఇచ్చారట. చొక్కా బాగానే వచ్చింది. "అన్నా, చొక్కా బాగుంది గానీ ఆ చెయ్యి మా నాన్నది కాదు. ఉంగరం ఏది? చిటికెన వేలు కొంచెం వంకరగా ఉండాలి కదా" అన్నారు. అవతలివాళ్లు మాత్రం 'పాత ఫోటో కదమ్మా, అంతకన్నా రాదు' అని పంపేశారు. ఆవిడ ఫోటోనే పాడైపోయిందేమోనని టెన్షన్ పడుతూ వచ్చారు. ఫోటోకేమీ కాలేదు, తేడా అంతా మాస్క్‌లోనే ఉంది.

ప్రింటుని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400 × 3600 పిక్సెళ్లు వచ్చాయి. బట్టల్ని గుర్తుపట్టే పార్సింగ్ మోడల్‌తో ఆటోమేటిక్ మాస్క్ తీసి, ఎర్ర రంగులో ఫోటో మీద పరిచి చూశాను. ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. మూడు తప్పులు కనిపించాయి. ఎడమ చెయ్యి కుడి దండ మీద ఉంది, నాలుగు వేళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఆ వేళ్ల మధ్య సందుల్లోని చారల గుడ్డని మోడల్ చెయ్యి కింద లెక్కేసింది. చంకలోకి దూరిన కుడి చేతిది బొటనవేలు ఒక్కటే బయట ఉంటే, దాన్ని చొక్కా అనుకుంది. ఇక ముంజేతులు, ఛాతీ, పొట్ట అన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. ఫుల్ హ్యాండ్స్ కాబట్టి చేతిదీ ఒంటిదీ ఒకే గుడ్డ. రెంటికీ మోడల్ ఇచ్చే పేరు ఒకటే, పైచొక్కా. ఎక్కడ చెయ్యి ముగిసి ఎక్కడ ఛాతీ మొదలైందన్న సమాచారం మాస్క్‌లో ఉండదు.

వేళ్ల దగ్గర తప్పడానికి ఇంకో కారణం సైజు. స్కాన్‌లో వేలు వెడల్పు 56 పిక్సెళ్లు. పార్సింగ్ మోడల్ ఫోటోని 512 పిక్సెళ్ల పొడవుకి కుదించి చూస్తే అది 8 పిక్సెళ్లు అవుతుంది. ఆ తర్వాత పొడవు 1024 పెట్టి మొత్తం ఫోటో మీద మాస్క్ చోటుని కొత్తగా గీయిస్తే, అంటే ఇన్‌పెయింట్ చేస్తే, వేలు 16 పిక్సెళ్లు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లు లోపల దాన్ని మళ్లీ ఎనిమిదో వంతుకి తగ్గిస్తాయి, అంటే వేలికి మిగిలేవి రెండు గళ్లు. రెండు గళ్లలో వేలూ, ఉంగరమూ, సందూ ఎలా పడతాయి? అందుకే ఛాతీ, చేతులు ఉన్న 1200 పిక్సెళ్ల చదరం మాత్రం క్రాప్ చేసి 1024లో పని చేశాను. అదే వేలికి ఆరు గళ్లు వచ్చాయి.

ఇక అసలు పని. చేతుల మాస్క్ విడిగా తీయాలి. క్లిక్ చేస్తే అంచు పట్టే సెగ్మెంటేషన్ టూల్‌తో వేళ్ల మీద ప్లస్ పాయింట్లు, సందుల్లో మైనస్ పాయింట్లు పెట్టాను. బొటనవేలు మాత్రం బ్రష్‌తో చేత్తోనే గీశాను. తర్వాత చొక్కా మాస్క్‌ని ముందు ఓ పది పిక్సెళ్లు పెంచి, ఆపైన దాంట్లోంచి చేతుల మాస్క్ తీసేశాను. ఈ వరుస మారిందా, అంతా పోయినట్టే. ముందు చేతులు తీసేసి తర్వాత పెంచితే, పెరిగిన మాస్క్ వేళ్ల అంచుల్ని నాలుగు వైపులా తినేస్తుంది, వేళ్లు సన్నబడి పుల్లల్లా అవుతాయి. అసలు పెంచకపోతే వేళ్ల చుట్టూ పాత నీలం గీత మిగిలిపోతుంది.

మాస్క్ బాగున్నా ముంజేతుల సమస్య తీరదు. మోడల్‌కి కనిపించేది మెడ, గాల్లో తేలుతున్న వేళ్లు, అంతే. పాతదాన్ని ఎంత చెరపాలో చెప్పే డినాయిజ్ 1 పెడితే చేతులు కిందికి వేలాడదీసి, ఆ వేళ్లని ఛాతీ మీద అనాథల్లా వదిలేస్తుంది. 0.6కి తగ్గిస్తే భంగిమ నిలుస్తుంది గానీ పాత చారలు లేతగా తేలతాయి. దీనికి అసలు ఫోటో నుంచి తీసిన, ఏది ముందుందో ఏది వెనకుందో చూపే డెప్త్ మ్యాప్‌ని భంగిమ మారకుండా మోడల్‌ని కట్టడి చేసే కంట్రోల్‌నెట్‌కి ఇవ్వాలి. ముంజెయ్యి ఛాతీ కంటే ముందుకుందని అందులో తెలుస్తుంది, చారలు మాత్రం దాదాపు కనిపించవు. అంచు గీతలు తీసే క్యానీ వాడితే చారలన్నీ తిరిగొస్తాయి. కీళ్ల చుక్కలతో నడిచే ఓపెన్‌పోజ్‌ని ఇలాంటి ఫోటోలో నేను నమ్మను. కుడి మణికట్టు ఎడమ మోచేతి పక్కనే ఉంటే రెండింటినీ తారుమారు చేస్తుంది.

గుండీల పట్టీ ఇంకో పరీక్ష. చేతులు అడ్డం ఉండటంతో చొక్కా పైముక్క, కిందిముక్కగా విడిపోతుంది. పైన పట్టీ ఒకచోట, కింద వేలెడు పక్కకి వస్తుంది. పైనుంచి కిందికి నిలువు గీత పెట్టి చూసుకోండి, తప్పితే కిందిముక్క ఒక్కటే మళ్లీ చేయండి.

చివర్లో అసలు స్కాన్‌లోని వేళ్లని పై లేయర్‌గా పెట్టి, అంచు ఒకటి రెండు పిక్సెళ్లు ఫెదర్ చేసి మెత్తబరిచాను. వేళ్ల కింద గుడ్డ మీద పడే సన్నని నీడ కొత్త చొక్కాలో రాలేదు, కింద ఉన్నదాన్ని ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో గీయాల్సి వచ్చింది. అది లేకపోతే చెయ్యి స్టిక్కర్ అంటించినట్టుంటుంది. నీలం చొక్కా నుంచి వేళ్ల అంచుకి ఎక్కిన రంగు కూడా కొంచెం తగ్గించాను. ఆవిడ వచ్చి ముందు చొక్కా చూడలేదు, స్క్రీన్ మీద ఉంగరం జూమ్ చేయమన్నారు.

అపోహ: డబ్బులు కట్టే టూల్‌లో ఈ బాధ ఉండదు. దాంట్లోనూ చెయ్యి గుడ్డని కప్పితే కప్పినట్టే. మాస్క్‌ని చేత్తో దిద్దుకోనిస్తుందా లేదా, అదొక్కటి చూసి కొనండి.

అపోహ: చేతులు కట్టుకున్న ఫోటోలు అసలు ఎడిట్ కావు. అవుతాయి, టైమ్ పడుతుంది. రేటు ఎక్కువ చెప్పండి, అబద్ధం చెప్పకండి.

అపోహ: ఫుల్ హ్యాండ్స్‌ని హాఫ్ హ్యాండ్స్ చేయడం ఇంకా తేలిక. కాదు, అదే కష్టం. గుడ్డ కింద ఉన్న చర్మం ఫోటోలో లేదు. పుట్టుమచ్చ, మచ్చ, పచ్చబొట్టు ఏదున్నా మోడల్‌కి తెలిసే దారి లేదు. అలాంటి పని అడిగినవాళ్లకి, ఆ ముంజెయ్యి కల్పించిందే అవుతుందని ముందే చెప్తాను. చెయ్యి కనిపించే ఇంకో ఫోటో ఉంటే తెమ్మంటాను. వాట్సాప్‌లో పంపేవాళ్లు మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వేళ్ల దగ్గర ఉన్న ఆ కాస్త వివరమూ కుదించేస్తుంది.